పంచదార టీ, తీపి మాత్ర, డైట్ కోలా: మీటర్ చెప్పేదెంత, మనం ఊహించుకునేదెంత

షుగర్ ఉన్నవాళ్ళు నలుగురు కలిసిన చోట రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. “రెండు చెంచాల పంచదార వేసుకుని టీ తాగాను, రెండు గంటల తర్వాత చూస్తే ఏమీ పెరగలేదు” అంటారు ఒకరు. “నేను షుగర్ ఫ్రీ మాత్రే వేసుకున్నాను, అయినా పొద్దున్నే పదిహేను పెరిగింది, ఆ మాత్రల్లో ఏదో ఉంది” అంటారు ఇంకొకరు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మీటర్ మీద ఆ అంకెలు నిజంగానే కనిపించి ఉంటాయి. ఆ అంకెల నుంచి వాళ్ళు తీసిన అర్థమే తప్పు. మొదటి వ్యక్తి చూడాల్సిన సమయం దాటిపోయాక చూశారు. రెండో వ్యక్తి దేనితో పోల్చాలో దానితో పోల్చలేదు.

ఇంట్లో గ్లూకోమీటర్‌తో ఈ పరీక్ష చేసుకోవడం కష్టం కాదు. కానీ ఒక కప్పు టీ తెచ్చే మార్పు చిన్నది. మీటర్ తనంతట తాను చేసే తేడా కూడా దాదాపు అంతే ఉంటుంది. అందుకే పద్ధతి లేకుండా వేలు పొడుచుకుంటే ఎవరికి కావలసిన సమాధానం వాళ్ళకు దొరుకుతుంది.

ముందు మీటర్ సంగతి

ఇంటి గ్లూకోమీటర్లకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ISO 15197. దాని 2013 నాటి రూపం ప్రకారం ల్యాబ్ విలువ 100 కన్నా తక్కువ ఉన్నప్పుడు మీటర్ రీడింగ్‌లలో 95 శాతం ఆ విలువకు 15 అటూ ఇటూగా ఉండాలి. 100, ఆ పైన ఉంటే 15 శాతం అటూ ఇటూగా ఉంటే చాలు. అంటే అసలు విలువ 130 అయితే మీటర్ 111 చూపినా, 149 చూపినా అది ప్రమాణం లోపలే ఉంది. కంపెనీ మోసం చేసినట్టు కాదు.

ఇది విని మీటర్ పక్కన పడేయాల్సిన పని లేదు. ఈ తేడాలో రెండు రకాలున్నాయి. ఒకటి, ఎప్పుడూ ఒకే వైపు ఉండే తేడా. కొన్ని మీటర్లు ల్యాబ్ కన్నా ఎప్పుడూ కాస్త ఎక్కువే చూపిస్తాయి. రక్తహీనత ఉన్నవాళ్ళకు కూడా చాలా స్ట్రిప్‌లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. మన పరీక్షకు దీనితో పెద్ద ఇబ్బంది లేదు. టీకి ముందు రీడింగ్‌లోనూ, తర్వాత రీడింగ్‌లోనూ అదే తేడా ఉంటుంది కాబట్టి ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే అది చాలావరకు పోతుంది. అందుకే పరీక్ష మొత్తం ఒకే మీటర్‌తో, వీలైతే ఒకే డబ్బాలోని స్ట్రిప్‌లతో చేయాలి. పొద్దున సొంత మీటర్, సాయంత్రం చెల్లెలి మీటర్ అంటే కుదరదు.

రెండోది, స్ట్రిప్‌కీ స్ట్రిప్‌కీ మధ్య ఎటు పడితే అటు వచ్చే తేడా. చిక్కంతా దీనితోనే. ఇది ఎంతో తెలుసుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. ఒకసారి కూర్చుని రెండు మూడు నిమిషాల్లో అయిదు స్ట్రిప్‌లు వరుసగా వాడి చూడాలి. రక్తంలో షుగర్ అంతలో పెద్దగా మారదు. ఆ అయిదు అంకెలు 122, 131, 126, 134, 128 లాగా వస్తాయనుకుందాం. చిన్నదానికీ పెద్దదానికీ మధ్య 12 తేడా ఉంది. ఏమీ తినకుండా, తాగకుండా, కదలకుండానే ఆ మీటర్ 12 ‘పెంచింది’ అన్నమాట. ఇక ఆ మీటర్ మీద ఒక్కసారి చూసిన 10 పెరుగుదలకు విలువ ఏముంటుంది? అయిదు స్ట్రిప్‌లు వృథా అనిపిస్తుంది కానీ, తర్వాత వాడే ప్రతి స్ట్రిప్‌కూ అర్థం ఇచ్చేది ఈ అయిదే.

వేళ్ళ శుభ్రం గురించి అందరూ చెబుతారు, ఎందుకో చెప్పరు. మీటర్ పీల్చుకునే రక్తం దాదాపు అర మైక్రోలీటర్. షుగర్ 120 ఉన్నప్పుడు అంత చుక్కలో ఉండే గ్లూకోజ్ 0.6 మైక్రోగ్రాములే, అంటే గ్రాములో పది లక్షల వంతుకన్నా తక్కువ. వేలికి కంటికి కనిపించని గ్లూకోజ్ ధూళి 0.1 మైక్రోగ్రాము అంటుకుని రక్తంలో కలిసినా రీడింగ్ 20 పెరిగిపోతుంది. ఇక్కడ ఒక తమాషా ఉంది. వంటింటి పంచదార సుక్రోజ్. అది గ్లూకోజ్‌గా విడిపోతే తప్ప స్ట్రిప్ దాన్ని గుర్తుపట్టదు. కానీ పొడి రూపంలో వచ్చే స్వీటెనర్ సాషేల్లో చాలావాటిలో బరువు కోసం కలిపేది డెక్స్‌ట్రోజ్, అంటే సాక్షాత్తూ గ్లూకోజే. సాషే చింపిన వేలినే పొడిస్తే స్వీటెనర్ షుగర్ పెంచినట్టు కనిపిస్తుంది. ఆ గ్లూకోజ్ నోట్లోకి కూడా వెళ్ళి ఉండదు. పండు ఒలిచిన చేతులతో చూసినా ఇంతే. స్పిరిట్ దూదితో ఒకసారి తుడిస్తే ఇది పూర్తిగా పోదు. సబ్బూ నీళ్ళతో కడిగి, బాగా తుడుచుకున్నాకే పొడవాలి. తడి వేలైతే రక్తం పలచబడి అంకె తగ్గిపోతుంది.

ఎప్పుడు చూడాలి

తిన్నాక రెండు గంటలకు చూడటం మనకు బాగా అలవాటైపోయింది. ల్యాబ్‌లో ‘పోస్ట్ లంచ్’ అదే, డాక్టర్ అడిగేదీ అదే. అన్నం, పప్పు, కూర ఉన్న భోజనానికి అది సరైన సమయమే. టీకి కాదు. టీలో కరిగిన పంచదారను అరిగించుకోవాల్సిన పని దాదాపు లేదు. కడుపులోంచి త్వరగా దిగి, చిన్న పేగులో విడిపోయి రక్తంలోకి వెళుతుంది. ఖాళీ కడుపుతో తాగితే అరగంట నుంచి గంట లోపు శిఖరానికి చేరి, చాలామందిలో గంటన్నర, రెండు గంటలకల్లా తిరిగి దిగిపోతుంది. రెండు గంటలకు చూసి “పెరగలేదు” అనడం, పెరిగి తగ్గిపోయిన తర్వాత చూడటమే.

కాబట్టి చూడాల్సిన సమయాలు తాగే ముందు, మొదటి గుక్క నుంచి 30 నిమిషాలకు, 60 నిమిషాలకు. స్ట్రిప్‌లు ఉంటే 90కి కూడా. టీ మొత్తం పది నిమిషాల్లో తాగేయాలి. పేపర్ చదువుతూ అరగంట సాగదీస్తే శిఖరం పలచబడి మీటర్‌కు దొరక్కుండా పోతుంది.

రోజులో ఏ వేళ అన్నది కూడా ముఖ్యమే. తెల్లవారుజాము నుంచి శరీరంలో కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి, కాలేయం గ్లూకోజ్‌ను వదులుతూ ఉంటుంది. షుగర్ ఉన్న చాలామందికి పొద్దున లేచాక ఏమీ తినకపోయినా రీడింగ్ మెల్లగా ఎక్కుతూ ఉంటుంది. ఆ వేళ ఏది తాగినా అదే పెంచినట్టు కనిపిస్తుంది. సాయంత్రం టీ వేళ దీనికి తిరగబడుతుంది. మధ్యాహ్నం తిన్న అన్నం తాలూకు షుగర్ నాలుగు గంటలకు ఇంకా దిగుతూనే ఉండొచ్చు. టీ పెంచిన ఇరవై ఆ దిగుడులో కలిసిపోయి, మీటర్ మీద ఏ మార్పూ కనిపించదు. అంటే ఒకే టీ పొద్దున దోషిగా, సాయంత్రం నిర్దోషిగా తేలుతుంది.

దీనికి విరుగుడు ఒక్కటే, నీళ్ళ రోజు. టీ తాగే వేళకే, టీ ఎంత ఉంటుందో అంత గోరువెచ్చని నీళ్ళు తాగి, అవే సమయాలకు చూడాలి. టీ లేకుండా ఆ గంటలో శరీరం తనంతట తాను ఏం చేస్తుందో అది చెబుతుంది. పరీక్షలో అందరూ వదిలేసేది ఇదే. ఇది లేకపోతే మిగతా అంకెలన్నీ గాలిలో వేలాడుతుంటాయి.

ఒక ఉదాహరణ

యాభై దాటిన ఒక వ్యక్తి, టైప్ 2, మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడుతున్నారు అనుకుందాం. పరగడుపున, ఒకే వేళకు, ఒక్కో రోజు ఒక్కో పానీయం తాగి చూశారు. ప్రతి పానీయాన్నీ రెండు వేర్వేరు రోజులు పరీక్షించి సగటు తీసుకున్నారు. టీ 150 మిల్లీలీటర్లు, అందులో పాలు 60. పంచదారను చెంచాతో కాకుండా కాటా మీద 10 గ్రాములు తూచారు. అంచుకు సమంగా తీసిన టీస్పూన్ అయితే నాలుగు గ్రాములే, గోపురంలా తీస్తే ఆరు దాటుతుంది. మాత్రలు సుక్రలోజ్‌వి. కింది అంకెలు లెక్క అర్థం కావడానికి ఊహించి రాసినవి.

| పానీయం | ముందు | 30 నిమిషాలు | 60 నిమిషాలు | 90 నిమిషాలు |
|---|---|---|---|---|
| నీళ్ళు | 128 | 131 | 134 | 132 |
| తీపి లేని పాల టీ | 126 | 138 | 139 | 133 |
| పంచదార టీ | 127 | 159 | 161 | 140 |
| మాత్రలు వేసిన టీ | 130 | 141 | 144 | 137 |
| డైట్ కోలా | 125 | 129 | 133 | 130 |

ప్రతి వరుసలోనూ మొదటి అంకెను తీసేసి పెరుగుదల మాత్రమే చూడాలి. పంచదార టీ గంటకు 34 పెంచింది. అందులో పంచదార వాటా ఎంత? తీపి లేని టీ కూడా అదే గంటకు 13 పెంచింది కాబట్టి, పంచదార వాటా 21. ఆ 13లో నీళ్ళ రోజున కనిపించిన 6 పొద్దుటి సహజమైన ఎక్కుడు. మిగిలిన 7 పాలది, టీ డికాక్షన్‌ది. పాలలో నూటికి దాదాపు అయిదు గ్రాముల లాక్టోజ్ ఉంటుంది, అంటే ఈ టీలో మూడు గ్రాములు. చక్కెర వేయకపోయినా పాల టీ పూర్తి ‘షుగర్ లేని’ టీ కాదు. ఇరానీ చాయ్ లాంటి చిక్కటి పాల టీలో ఇది ఇంకా ఎక్కువ.

ఇప్పుడు మాత్రల టీ చూడండి. గంటకు 130 నుంచి 144కు చేరింది, అంటే 14 పెరిగింది. “మాత్ర వేసుకున్నా పెరిగింది” అనే ఫిర్యాదు పుట్టేది ఈ అంకె నుంచే. కానీ మాత్ర లేని టీ కూడా 13 పెంచింది. మాత్ర వాటా 1. అరగంట దగ్గర చూస్తే 11కు 12, అంటే ఒకటి తక్కువే. ఈ రెండూ మీటర్ తేడా కన్నా చాలా చిన్నవి. ఇక్కడ సరైన తీర్పు “మాత్ర షుగర్ పెంచదని రుజువైంది” అని కాదు. “ఈ మీటర్‌కు కనిపించేంత పెంచలేదు” అని. డైట్ కోలాను టీతో కాదు, నీళ్ళతో పోల్చాలి. గంటకు 8లోంచి 6 తీస్తే 2. అదీ లెక్కలోకి రాదు.

90 నిమిషాల గడి దగ్గర కాసేపు ఆగాలి. పంచదార టీకీ, తీపి లేని టీకీ మధ్య పెరుగుదలలో తేడా అక్కడికి వచ్చేసరికి 6కు పడిపోయింది. రెండు గంటలకు చూసి ఉంటే అదీ మిగిలేది కాదు.

ఎంత తేడా వస్తే నమ్మొచ్చు? ముందు చెప్పిన అయిదు స్ట్రిప్‌ల పరీక్షలో చిన్నా పెద్దా మధ్య వచ్చిన తేడాను గుర్తుగా పెట్టుకోవచ్చు. అది 12 అయితే, ఒక్కొక్కసారి మాత్రమే చూసిన రెండు పానీయాల మధ్య 15కి లోపు తేడాను పట్టించుకోకపోవడం మంచిది. రెండు మూడు రోజులు మళ్ళీ చేసి సగటు తీస్తే 10 తేడాను కూడా నమ్మొచ్చు. ఇది గణిత సూత్రం కాదు, ఇంటి పరీక్షకు సరిపోయే మోటు లెక్క. ఇంకో సులువైన గుర్తు ఉంది. అరగంట, గంట రెండు రీడింగ్‌లూ ఒకే దిశలో పెరిగి, మరో రోజు చేసినప్పుడు కూడా అలాగే వస్తే అది చాలావరకు నిజమైన పెరుగుదలే. అరగంటకు 18 పెరిగి గంటకు ముందు ఉన్న చోటికే వచ్చేస్తే, వేరే స్ట్రిప్‌తో వెంటనే సరిచూసుకోని ఆ 18ని నమ్మడానికి లేదు.

పై పట్టికకు మొత్తం నలభై స్ట్రిప్‌లు కావాలి. ఒక్కోటి ఇరవై రూపాయలకు అటూ ఇటూగా ఉంటే ఎనిమిది వందలు. అంత అక్కర్లేదనుకుంటే నీళ్ళు, తీపి లేని టీ, మీరు రోజూ తాగే టీ, ఈ మూడింటినే ముందు, 30, 60 నిమిషాలకు చూస్తే ఒక విడతకు తొమ్మిది స్ట్రిప్‌లు చాలు. డైట్ కోలాను వదిలేసినా నష్టం లేదు. నీళ్ళ రోజును మాత్రం వదలకూడదు.

మాత్రలో ఏముంది, సాషేలో ఏముంది

ఆస్పర్టేమ్ పంచదార కన్నా దాదాపు 200 రెట్లు, సుక్రలోజ్ దాదాపు 600 రెట్లు తియ్యగా ఉంటాయి. కాబట్టి ఒక కప్పుకు కావలసింది మిల్లీగ్రాములే. అంత చిన్న మోతాదును చేత్తో పట్టుకోలేం కనుక దానికి బరువిచ్చే పదార్థం కలుపుతారు. మాత్రల్లో చాలాచోట్ల అది లాక్టోజ్, మాత్ర మొత్తం బరువే గ్రాములో చిన్న భాగం. అందువల్ల ఒకటి రెండు మాత్రలతో లెక్క మారదు. సాషేలు వేరు. ఒక్కోదాంట్లో ఒక గ్రాము దాకా డెక్స్‌ట్రోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్ ఉండొచ్చు. పై ఉదాహరణలోని వ్యక్తికి 10 గ్రాముల పంచదార 21 పెంచింది కాబట్టి, రెండు సాషేలు నాలుగయిదు పెంచొచ్చు. మీటర్ దాన్ని పట్టుకోలేదు. రోజుకు ఆరు కప్పులు, కప్పుకు రెండు సాషేలు వాడేవాళ్ళు, పాయసంలో కప్పులతో కొలిచి పోసేవాళ్ళు మాత్రం డబ్బా వెనకాల కార్బోహైడ్రేట్ల వరుస చదవాలి.

ఆస్పర్టేమ్‌ను టీతో పాటు మరిగించకూడదు. ఎక్కువ సేపు వేడికి అది విడిపోయి తీపి తగ్గుతుంది. తగ్గిందని ఇంకో రెండు వేస్తారు. దించి వడకట్టాక వేస్తే చాలు. సుక్రలోజ్ వేడికి అంతకన్నా బాగా తట్టుకుంటుంది.

బెల్లం టీ సంగతి ఇక్కడే చెప్పాలి. హైవేల పక్కన, బస్టాండ్ల దగ్గర బెల్లం టీ బండ్లు వెలిశాక “బెల్లమే కదా, షుగర్‌కు పరవాలేదు” అన్న నమ్మకం పెరిగింది. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజే, కాస్త గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా ఉంటాయి. ఖనిజాలు ఉన్నా అవి పంచదారను అడ్డుకోవు. తాటిబెల్లం కూడా ఈ విషయంలో పెద్దగా వేరు కాదు. నమ్మకం కలగకపోతే పై పట్టికలో పంచదార వరుస స్థానంలో 10 గ్రాముల బెల్లం తూచి వేసి చూసుకోవచ్చు. గడ్డను కంటి అంచనాతో వేస్తే మాత్రం పోలిక పనికిరాదు, ఒక చిన్న గడ్డ పదిహేను గ్రాములు ఉండటం మామూలే.

ఆఫీసుల్లో మెషీన్ టీ ఇంకో మాయ. చాలా ప్రీమిక్స్ పొడుల్లో పంచదార ముందే కలిపి ఉంటుంది. మీట నొక్కి వచ్చిన టీలో “నేనేమీ వేసుకోలేదు” అనుకుని మాత్ర కూడా వేసుకుంటే, ఆ రోజు పెరిగిన అంకెకు నింద మాత్ర మీద పడుతుంది.

ఇంతా చేసి టీ పక్కన పళ్ళెంలో మూడు బిస్కెట్లు ఉంటే పరీక్ష బిస్కెట్లదే అవుతుంది. ఒక్కో మారీ బిస్కెట్‌లో నాలుగు గ్రాములకు పైనే కార్బోహైడ్రేట్లు ఉంటాయి. మూడు తింటే పన్నెండు దాటుతుంది, టీలో తప్పించిన పంచదార కన్నా ఎక్కువ. ఉస్మానియా బిస్కెట్ గురించి చెప్పనే అక్కర్లేదు.

మందులు లెక్కను మార్చేస్తాయి

మన దగ్గర వోగ్లిబోస్ కలిసిన మాత్రలు బాగా రాస్తారు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, వోగ్లిబోస్ మూడూ ఒకే మాత్రలో దొరుకుతాయి. వోగ్లిబోస్ చేసే పనే పేగులో సుక్రోజ్, పిండి పదార్థాలు విడిపోవడాన్ని నెమ్మదింపజేయడం. అది వేసుకున్న వెంటనే పంచదార టీ తాగితే గీత చదునుగా రావొచ్చు. ఆ మాత్ర లేని వేళ తాగిన టీకి అదే ఫలితం వస్తుందని అనుకోకూడదు. కాబట్టి నోట్‌బుక్‌లో రీడింగ్ పక్కన మందు వేసుకున్న సమయం కూడా రాయాలి, పరీక్ష రోజులన్నిటిలోనూ అది ఒకేలా ఉండాలి. పరీక్ష కోసమని మందు మానేయకూడదు.

ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి వాడేవాళ్ళు టిఫిన్ వాయిదా వేసి ఈ పరీక్ష చేయడం ప్రమాదం. ముఖ్యంగా నీళ్ళ రోజున, డైట్ కోలా రోజున షుగర్ పడిపోవచ్చు. డాక్టర్‌ను అడిగాకే చేయాలి. 70 కన్నా తగ్గినా, చెమటలు, వణుకు, గుండెదడ వచ్చినా పరీక్ష అక్కడితో ఆపేసి 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, పావుగంట తర్వాత మళ్ళీ చూసుకోవాలి. వోగ్లిబోస్ వాడేవాళ్ళు ఆ సమయంలో పంచదార కాకుండా గ్లూకోజ్ పొడినే తీసుకోవాలి. మాత్ర అడ్డుపడే పని పంచదార మీదే కాబట్టి అది ఆలస్యంగా పనిచేస్తుంది, గ్లూకోజ్‌కు ఆ ఆటంకం లేదు. గర్భిణులు సొంతంగా ఈ ప్రయోగాలు పెట్టుకోవద్దు.

చేతికి అంటించుకునే సెన్సార్ ఉన్నవాళ్ళకు పని సులువు. ప్రతి కొద్ది నిమిషాలకూ అంకె వస్తుంది కాబట్టి శిఖరం తప్పిపోదు. అయితే సెన్సార్ కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని. షుగర్ వేగంగా మారుతున్నప్పుడు అది అయిదు పది నిమిషాలు వెనకబడి ఉంటుంది. సెన్సార్‌తో మొదలుపెట్టి మధ్యలో వేలు పొడిచి పోలిస్తే గందరగోళమే. ఏదో ఒకదానితోనే పూర్తి చేయాలి.

డైట్ డ్రింక్: బిర్యానీ పక్కన

డైట్ కోలాను ఒంటరిగా తాగి చూస్తే దాదాపు ఎప్పుడూ నీళ్ళలాగే వస్తుంది. ఆ ఫలితంలో ఆశ్చర్యం లేదు. ఒక డబ్బా మామూలు కోలాలో 30 గ్రాములకు పైగా పంచదార ఉంటుంది, డైట్‌లో సున్నా. కానీ దాన్ని ఖాళీ కడుపుతో తాగేవాళ్ళు తక్కువ, బిర్యానీతో తాగుతారు. బిర్యానీ తిన్నాక వచ్చిన 230ని చూసి డైట్ కోలాను అనుమానిస్తారు.

భోజనంతో పాటు పరీక్షించడం నిజంగా కష్టం. ఒకే మనిషి ఒకే భోజనాన్ని రెండు రోజులు తిన్నా రీడింగ్‌లు ఇరవై ముప్పై తేడాతో రావడం మామూలు. నిద్ర, ముందు రోజు నడక, తిన్న వేగం అన్నీ అందులో కలుస్తాయి. హోటల్ బిర్యానీ అయితే రెండు రోజుల పొట్లాల్లో అన్నమే సమానంగా ఉండదు. అందువల్ల ఇంట్లో తూచిన అన్నం, అదే కూరతో, ఒకరోజు నీళ్ళు, ఒకరోజు డైట్ కోలా పెట్టుకుని, ఒక్కోటీ కనీసం మూడుసార్లు చేయాలి. ఈసారి చూడాల్సింది గంటకు, రెండు గంటలకు. కోలాలోని కెఫీన్ కూడా మధ్యలో వస్తుంది. కెఫీన్ కొన్ని గంటలపాటు ఇన్సులిన్ పనితనాన్ని కాస్త తగ్గిస్తుందని అధ్యయనాల్లో తేలింది. కాబట్టి తేడా కనిపించినా అది స్వీటెనర్ వల్లే అని చెప్పలేం. ఆ అనుమానం తీరాలంటే కెఫీన్ లేని డైట్ నిమ్మ పానీయంతో మళ్ళీ చూడాలి. ఇంత ఓపిక ఎందరికి ఉంటుందన్నది వేరే సంగతి.

ఇక మీటర్ అసలే చెప్పలేని భాగం. స్వీటెనర్లు ఆ గంటలో షుగర్ పెంచకపోయినా, వారాల తరబడి వాడితే పేగుల్లోని సూక్ష్మజీవులు మారి, తర్వాత తిన్న వాటికి శరీరం స్పందించే తీరు మారుతుందా అన్నది వేరే ప్రశ్న. 2022లో ఇజ్రాయెల్ పరిశోధకులు ‘సెల్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో 120 మంది ఆరోగ్యవంతులను బృందాలుగా చేసి, కొన్ని బృందాలకు రెండు వారాలపాటు స్వీటెనర్లు ఇచ్చారు. శాకరిన్, సుక్రలోజ్ తీసుకున్న బృందాల్లో గ్లూకోజ్ తాగించినప్పుడు పెరుగుదల ఎక్కువైంది. ఆస్పర్టేమ్, స్టీవియా బృందాల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఒకే బృందంలో కూడా మనిషికీ మనిషికీ తేడా ఉంది. వాళ్ళంతా మామూలుగా స్వీటెనర్లకు దూరంగా ఉండేవాళ్ళు, షుగర్ లేనివాళ్ళు అన్నది గుర్తుంచుకోవాలి.

మనకు దగ్గరి ప్రశ్నను చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ పరిశోధకులు తీసుకున్నారు. టైప్ 2 షుగర్ ఉన్న 179 మందితో చేసిన ఆ ప్రయోగం ఫలితాలు 2024లో వచ్చాయి. ఒక బృందం టీ, కాఫీల్లో పంచదార బదులు సుక్రలోజ్ వాడింది, ఇంకో బృందం పంచదారతోనే కొనసాగింది. 12 వారాల తర్వాత రెండు బృందాల మధ్య హెచ్‌బీఏ1సీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సుక్రలోజ్ బృందంలో బరువు, నడుం చుట్టుకొలత కొద్దిగా తగ్గాయి. గంట లోపు ఇరవై పెంచే పంచదారను తీసేసినా మూడు నెలల సగటు కదలకపోవడం వింతేమీ కాదు. రోజుకు రెండు మూడు కప్పుల టీలో పోయే పంచదార ఇరవై ముప్పై గ్రాములు. రెండు పూటలా అన్నం, పొద్దున ఇడ్లీ దోశలతో వచ్చే కార్బోహైడ్రేట్లు రెండు వందల యాభై గ్రాములు దాటడం మన ఇళ్ళలో మామూలే. టీ అంకె తేలిపోయాక మిగిలిన స్ట్రిప్‌లను అన్నం కొలత మార్చి చూడటానికి వాడితే, అక్కడ వచ్చే తేడా మీటర్ తేడా కన్నా చాలా పెద్దదిగా ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఇన్ని జాగ్రత్తలు కూడా అక్కర్లేదు.